మూడోసారి తిరగబెట్టిన డిప్రెషన్: ఫార్ములేషన్‌ను గడుల్లో నింపాలా, కథనంగా రాయాలా?

నెల్లూరు పీజీ

వచ్చే బుధవారం నా కేస్ కాన్ఫరెన్స్. 36 ఏళ్ల గృహిణి, ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తారు. వివరాలు కొన్ని మార్చాను. పదేపదే వచ్చే డిప్రెషన్, ఇది నాలుగో విడత. జీవ, మానసిక, సామాజిక కారణాలను ఒకవైపు, జబ్బుకు వీలు కల్పించినవి, రేపినవి, కొనసాగించేవి, కాపాడేవి అనే నాలుగు ‘పీ’లను మరోవైపు పెట్టి పన్నెండు గడులూ నింపాను. మా గైడ్ బాగుందన్నారు. సీనియర్ మాత్రం ఇది సరుకుల చీటీలా ఉంది, ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకు, ఎలా వచ్చిందో చెప్పే ఫార్ములేషన్ కాదన్నారు. పట్టిక ఇవ్వాలా, పేరాలు రాయాలా? జబ్బును రేపిన సంఘటన రాసే ప్రెసిపిటేటింగ్ గడిలో ‘ఏదీ లేదు’ అని రాశాను, అది సరేనా?

వేపచెట్టు

పట్టిక సంగతి తర్వాత చూద్దాం. నాలుగు విడతలని ఎలా లెక్కపెట్టారు? ఏ వయసులో, ఎంతకాలం, మధ్యలో ఎన్ని నెలలు పూర్తిగా బాగున్నారు, మందు ఎప్పుడు ఆపారు? ఇవి రాయండి.

నెల్లూరు పీజీ

22 ఏళ్లకు మొదటి కాన్పు తర్వాత, అయిదు నెలలు. మందుల్లేకుండా పుట్టింట్లోనే కోలుకున్నారు. 31కి తల్లి చనిపోయాక రెండోది. డిప్రెషన్ మందు ఎసిటలోప్రామ్‌తో తగ్గింది. రెండు నెలలు బాగున్నాక మాత్రలు ఆపేశారు, అయిదు వారాల్లో మళ్లీ అవే లక్షణాలు. దాన్ని మూడోదిగా రాశాను. తర్వాత ఏడాది వాడి మానేశారు, మూడేళ్లకు పైగా బాగున్నారు. ఇప్పుడు మూడు నెలలుగా నాలుగోది. హిమోగ్లోబిన్ 8.2, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది.

గోదారిగట్టు

మూడో నాలుగో విడతకు సంఘటన కోసం వెతకడం వృథా. కిండ్లింగ్ గురించి రాబర్ట్ పోస్ట్ 1992లోనే రాశారు: మొదటి విడతకు పెద్ద దెబ్బ కావాలి, తర్వాత మెదడే దారి నేర్చుకుంటుంది. ‘ఏదీ లేదు’ అని రాయడం సరైనదే. మానసిక, సామాజిక గడులు ఇక్కడ అలంకారమే. అంతకన్నా హైపోమేనియా గురించి, అంటే బైపోలార్‌ను సూచించే మితిమీరిన హుషారు గురించి అడిగారా? మొదటి విడత కాన్పు తర్వాత వచ్చింది, అది వదిలేయకూడదు.

వేపచెట్టు

హైపోమేనియా విషయంలో గోదారిగట్టు గారిది అక్షరాలా నిజం. ఆమెను మాత్రమే కాదు, భర్తను విడిగా అడగాలి. నిద్ర తక్కువైనా అలసట లేకుండా, మామూలు కన్నా ఎక్కువ మాటలు, ఎక్కువ పనులతో నాలుగైదు రోజులు గడిచాయా అని. ఫార్ములేషన్ మొదటి వాక్యం దాని మీదే నిలబడుతుంది.

కిండ్లింగ్ మాత్రం సగమే చెప్పారు. విడతలు పెరిగేకొద్దీ పెద్ద సంఘటనలతో సంబంధం పలచబడుతుందన్నది నిజం. దానికి రెండు అర్థాలున్నాయి: సంఘటన అవసరమే లేకపోవడం, లేదా చిన్న సంఘటనే చాలడం. రెండోదైతే మనం మరింత దగ్గరగా వెతకాలి. ఈ రెంటిలో ఏదన్నది ఇంకా తేలలేదు.

ఇక లెక్క. కోలుకున్న రెండు నెలలకే మందు ఆపితే అయిదు వారాల్లో తిరిగొచ్చినది కొత్త విడత కాదు, ఆరని పాత నిప్పే. కనుక విడతలు మూడు. ఈ తేడా వల్ల కథే మారుతుంది: ‘ఊరికే వచ్చేస్తోంది’ అనుకున్న ఒక విడతకు అసలు కారణం చికిత్స తొందరగా ఆగడం.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టండి. పదేపదే వచ్చే జబ్బులో మీకున్న గొప్ప ఆధారం అదే. పన్నెండు గడుల పట్టికలో కాలానికి చోటు లేదు, అన్ని విడతలూ కలిసి ఒక ముద్దవుతాయి. ప్రతి విడతకూ ముందు నెలలో ఆమె ఏ పని చేయలేకపోయారో అడిగారా?

నెల్లూరు పీజీ

నిన్న మళ్లీ కూర్చుని అడిగాను మేడమ్. కాన్పప్పుడు పాలు చాలలేదట. ‘బిడ్డ కడుపు నింపలేని దాన్ని’ అన్నారు. తల్లి చివరి రోజుల్లో ఈమె అత్తగారింట్లో ఉండిపోయారు, సేవ చేయలేకపోయారు. ఈసారి నీరసంతో పండగ జాకెట్లు కుట్టలేక, ముగ్గురికి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు. ఆ మాట చెబుతూ మొదటిసారి ఏడ్చారు. పదకొండేళ్ల వయసు నుంచే, తల్లి జబ్బుతో మంచం పట్టినప్పుడల్లా తమ్ముళ్లను ఈమే పెంచారట. తల్లి జబ్బూ ఇలాంటిదేనేమో అనిపించింది.

పాత ఫైలు

నేను డాక్టరును కాను. నాకు రెండుసార్లు వచ్చింది. మన గురించి ఇన్ని రాస్తారని తెలియదు, ఇవి రోగికి చూపిస్తారా? నా ఫైలు ఒకసారి చేతికి వచ్చింది. ‘కుటుంబ మద్దతు ఉంది’ అని రాసి ఉంది. మా అన్నయ్య నన్ను ప్రతిసారీ ఆసుపత్రికి తీసుకొచ్చిన మాట నిజమే. మందులకు అలవాటు పడతావని మూడో నెలలో మాన్పించింది కూడా ఆయనే. నన్నెవరూ అది అడగలేదు.

వేపచెట్టు

కాన్ఫరెన్స్ రాత వైద్యుల కోసం, కానీ దాని సారాంశం రోగితో మాట్లాడి సరిచూసుకోవాల్సిందే. మీరు చెప్పింది మాత్రం ఈ ప్రశ్నకే తగులుతుంది. ఒకే మనిషి రక్షణ గడిలోనూ, జబ్బును కొనసాగించే గడిలోనూ ఉంటారు. పట్టిక ఆయన్ను ఒకచోటే పెట్టిస్తుంది. నెల్లూరు పీజీ గారూ, మీ కేసులో మాత్రలు ఎవరు ఆపమన్నారో చూడండి. ‘పిల్లల కోసం బతకాలి’ అన్న మాటను రక్షణగా రాసి ఉంటే, అది ‘నేను వాళ్లకు భారం’గా మారిందా అని ఈ వారమే అడగండి. ఈమె విషయంలో అది ఎటైనా తిరగగలదు.

నెల్లూరు పీజీ

ఆపింది భర్త, డబ్బు ఇబ్బందితో. హైపోమేనియా లక్షణాలు ఎప్పుడూ లేవన్నారు. చావు ఆలోచనలు లేవు కానీ, భారమన్న మాట అన్నారు. అది రిస్కు పేరాలో రాశాను. పాత పేరా తీసేసి ఇలా మొదలుపెట్టాను:

‘చిన్ననాటి నుంచి ఇతరులను చూసుకోవడంలోనే తన విలువను కొలుచుకున్న ఈమెకు, ఆ పని చేయలేకపోయిన ప్రతిసారీ డిప్రెషన్ వచ్చింది. తల్లికీ ఇలాంటి జబ్బు ఉండి ఉండవచ్చు. మొదటిసారి మనసు విప్పడానికి తల్లి ఉంది, మందు లేకుండానే కోలుకుంది. తల్లి పోయాక ఆ చోటు ఖాళీగానే ఉంది. ఈసారి రక్తహీనత వల్ల వచ్చిన నీరసం పని ఆపింది, పని ఆగడం అపరాధ భావాన్ని లేపింది, ఆ భావంతో మిషన్ దగ్గరికే వెళ్లడం లేదు.’

వేపచెట్టు

ఇదీ ఫార్ములేషన్ అంటే. మనసు విప్పే మనిషి లేకపోవడం గురించి మీరు రాసింది, బ్రౌన్, హారిస్ 1978లో లండన్‌లోని కాంబర్‌వెల్ మహిళల్లో చూసిన దానికి దగ్గరగా ఉంది. ఒక్కటి చేర్చండి: ఇది తప్పని ఎలా తెలుస్తుంది? ఐరన్ పని చేస్తే హిమోగ్లోబిన్ నెలకు ఒకటి రెండు గ్రాములు పెరగాలి. ఆరు వారాలకు నీరసం తగ్గి, తెల్లవారుజామున మెలకువ, అపరాధ భావం అలాగే ఉంటే మీ కథనం నిలిచినట్టు. అవీ ఐరన్‌తోనే పోతే, రక్తహీనతకు మీరు తక్కువ చోటిచ్చినట్టు. అయితే ఐరన్, ఎసిటలోప్రామ్ ఒకేరోజు మొదలుపెడితే ఈ పరీక్ష సగం చెడుతుంది, ఆ మాట కూడా రాయండి. పరీక్ష కోసం మందు ఆలస్యం చేయకూడదు. చికిత్సలో మందు ఈసారి కనీసం రెండేళ్లు, ఆ మాట భర్తను కూర్చోబెట్టి చెప్పాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతుందా చూడాలి. రోజుకు ఒక కుట్టు, ఒక్క చేతి అంచు చాలు, కానీ రోజూ.

గోదారిగట్టు

కథనం బాగుంది, అందుకే భయం. కథ అందంగా కుదిరితే దానికి సరిపోని సంగతులు కనపడవు. తల్లి పోయాక, మందు మానేశాక మూడేళ్లకు పైగా ఎలా బాగున్నారు? ఈ కథలో దానికి సమాధానం లేదు. పట్టికైతే కనీసం ఖాళీ గడి అడుగుతుంది.

వేపచెట్టు

ఆ మూడేళ్ల ప్రశ్న మంచిది, నా దగ్గర సమాధానం లేదు. అడిగి రావాలి. పట్టికను చిత్తు కాగితం మీద నింపుకోవడం నేనూ కాదనను.

నెల్లూరు పీజీ

గైడ్ గారు పట్టిక తప్పనిసరి అంటున్నారు. పేరాలు ముందు, పట్టిక చివరి పేజీలో పెడుతున్నాను. ఆ మూడేళ్లలో పక్కింటామెతో కలిసి కుట్టేవారట, ఆమె నిరుడు ఇల్లు మారిపోయారు. ఇది ఇవాళే తెలిసింది.