క్యాడెట్ 18 నెలల్లో బ్రిడ్జి వాచ్ ఎంత ఉండాలి? చిప్పింగ్‌తోనే గడిచిపోతే అది సీ టైమేనా?

గంగవరం_క్యాడెట్:
డీఎన్‌ఎస్ చేసి బల్క్ క్యారియర్ ఎక్కి 8 నెలలైంది. ఇప్పటిదాకా చిప్పింగ్, పెయింటింగ్, హోల్డ్ క్లీనింగే. బ్రిడ్జి మీదకి వెళ్లేది పోర్టులోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు మాత్రమే. మేట్ సర్‌ని అడిగితే చివర్లో చూద్దాం అంటున్నారు. ఇదంతా సీ టైమ్ కింద లెక్కకొస్తుందా? ఇలాగైతే సెకండ్ మేట్ పాసవుతానా?

కాకినాడ_థర్డ్‌మేట్:
తమ్ముడూ టెన్షన్ పడకు, సీ టైమ్ అంటే సీడీసీలో సైన్ ఆన్ తేదీ నుంచి సైన్ ఆఫ్ తేదీ దాకా అంతే, నువ్వు బ్రిడ్జి మీదున్నావా ఫోర్‌పీక్‌లో ఉన్నావా అని ఎవరూ లెక్కపెట్టరు. డీఎన్‌ఎస్ కాబట్టి నీకు 18 నెలలు కావాలి, బీఎస్సీ నాటికల్ వాళ్లకి 12 చాలు. నేనూ ఏడాది పైగా సుత్తి పట్టుకునే ఉన్నా, పరీక్షకి కూర్చునే ముందు ప్రిపరేటరీ కోర్సులో అన్నీ నేర్పిస్తారు, పాసైపోయా కదా.

విశాఖ_సెకండ్‌ఆఫీసర్:
కాకినాడ తమ్ముడు చెప్పింది సగమే నిజం. మొత్తం నెలలు సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలతోనే లెక్కేస్తారు, అక్కడిదాకా ఓకే. కానీ ఎస్‌టీసీడబ్ల్యూలో ఇంకో షరతు విడిగా ఉంది. ఆ సర్వీసులో కనీసం 6 నెలలు మాస్టర్ లేదా అర్హత ఉన్న ఆఫీసర్ పర్యవేక్షణలో బ్రిడ్జి వాచ్ చేసి ఉండాలి. అందుకే ట్రైనింగ్ రికార్డు బుక్‌లో బ్రిడ్జి పనుల పేజీలు అన్ని ఉంటాయి, ఏ పని ఎప్పుడు చేశావో రాసి సంతకం తీసుకుంటూ పోవాలి. చివరి నెలలో ఒకే పెన్నుతో ఒకే రోజు నింపిన పుస్తకాలు నేను చూశాను, చూడగానే తెలిసిపోతుంది.

కోర్సులో నేర్పిస్తారు అన్నదానికి నా ఓరల్స్ సంగతి చెప్తా. ఎగ్జామినర్ టేబుల్ మీద రెండు చిన్న షిప్ మోడల్స్ పెట్టి, పొగమంచు, బయట ఏమీ కనపడట్లేదు, రాడార్‌లో పోర్ట్ బో వైపు ఒక షిప్, బేరింగ్ మారట్లేదు, ఏం చేస్తావ్ అన్నారు. నేను ఠక్కున "స్టాండ్ ఆన్ నేనే సర్, కోర్సూ స్పీడూ మార్చను" అన్నా. ఆ ఫంక్షన్ ఫెయిల్. కంటికి కనపడనప్పుడు రూల్ 19 పడుతుంది, అందులో స్టాండ్ ఆన్ అనేదే లేదు, ఇద్దరూ తప్పుకోవాలి, పైగా బీమ్‌కి ముందున్న షిప్ కోసం పోర్ట్‌కి తిరగడం వీలైనంత వరకు మానాలి, మనం ఓవర్‌టేక్ చేస్తున్న షిప్ అయితే వేరే సంగతి. రూల్స్ నోటికి వచ్చు నాకు, కానీ పొగమంచులో ఒక్క వాచ్ కూడా నిలబడలేదు, కాబట్టి మెదడు అలవాటైన రూల్ 15, 17 దగ్గరికే పరిగెత్తింది. ఒక్కసారి బ్రిడ్జి వింగ్‌లో అజిమత్ సర్కిల్‌తో బేరింగ్ తీసి 6 నిమిషాల తర్వాత మళ్లీ తీసి అదే 040 వచ్చి, అవతల షిప్ మాత్రం దగ్గరవుతుంటే కడుపులో తిప్పినట్టు అవుతుంది చూడు, అది క్లాసులో రాదు.

రిటైర్డ్_కెప్టెన్_భీమిలి:
అమ్మా, నీతో సగం ఒప్పుకుంటాను. 6 నెలల మాట నిజమే, అది తప్పించడానికి లేదు. కానీ ఈ కాలం పిల్లలు డెక్ పనిని శిక్షలాగా చూడటం నాకు బాధగా ఉంది. మీరంతా రేపు చీఫ్ మేట్ అవుతారు, అప్పుడు కార్గో మీ చేతిలో ఉంటుంది. నేను మేట్‌గా ఉన్న ఒక షిప్‌లో బొగ్గు దింపి ధాన్యం ఎక్కించాల్సి వచ్చింది. ఊడ్చాం, సముద్రపు నీళ్లతో కడిగాం, తర్వాత మంచినీళ్లతో కడిగాం, అంతా బాగుందనుకున్నాం. సర్వేయర్ వచ్చి నిచ్చెన ఎక్కి పై ఫ్రేముల వెనక తెల్లటి గుడ్డతో తుడిచాడు, నల్లగా వచ్చింది, కింద బిల్జ్ వెల్‌లో పిడికెడు బొగ్గు ఉంది. హోల్డ్ రిజెక్ట్. మళ్లీ కడిగి ఆరబెట్టేదాకా షిప్ ఆగింది. ఫ్రేము వెనక మసి నిలుస్తుందని క్యాడెట్‌గా స్వయంగా గీకినవాడికి తెలుస్తుంది. ఓవర్‌సైడ్ నిచ్చెన మీద కూర్చోనివాడు మేట్ అయ్యాక ఆ పనికి వర్క్ పర్మిట్ మీద సంతకం ఎలా పెడతాడు?

కరీంనగర్_ఏబీ:
అన్నా షిప్ మధ్యల దిగకు, కష్టమైనా కాంట్రాక్ట్ పూర్తి చెయ్. నేను జీపీ రేటింగ్ చేసి ఎక్కిన, ఇప్పుడు ఏబీ, రోజూ రెండు వాచ్‌లు హెల్మ్, లుకౌట్ మీదనే ఉంట. నాకు 36 నెలలు అయితే నేను కూడా సెకండ్ మేట్ రాయొచ్చు అంటున్నరు, నిజమేనా?

విశాఖ_సెకండ్‌ఆఫీసర్:
కరీంనగర్ అన్నా, ఆయన దిగుతాననలేదు, వాచ్ ఇవ్వట్లేదంటున్నాడు. మీది వేరే దారి. 36 నెలలనేది ఆమోదించిన ట్రైనింగ్ ప్రోగ్రామ్ కాకుండా వచ్చేవాళ్లకి ఎస్‌టీసీడబ్ల్యూ పెట్టిన లెక్క. అది ఒక్కటే సరిపోదు, డీజీ షిప్పింగ్ వాళ్ల దగ్గర ముందు ఎలిజిబిలిటీ చూపించుకుని తర్వాతే కోర్సు ఫీజు కట్టండి.

కెప్టెన్ గారూ, డెక్ పని వద్దని నేను అనట్లేదు. 18 నెలల్లో 6 బ్రిడ్జికి తీస్తే ఇంకా 12 నెలలు మిగులుతాయి కదా, గీకడానికి అది చాలదా? ఇప్పుడు 8 అయిపోయాయి, చివర్లో చూద్దాం అన్న మేట్ రిలీవ్ అయిపోతే కొత్తాయన మళ్లీ మొదట్నుంచి అదే మాట అంటారు. పైగా ముందున్న లెక్క చూడండి, సెకండ్ మేట్ సర్టిఫికెట్ వచ్చాక వాచ్‌కీపింగ్ ఆఫీసర్‌గా కనీసం ఏడాది చేస్తేగానీ ఎస్‌టీసీడబ్ల్యూ ప్రకారం మేట్‌కి అర్హత రాదు, మాస్టర్‌కి 36 నెలలు, మధ్యలో మేట్‌గా 12 చేస్తే 24కి తగ్గుతుంది. ఇవన్నీ వాచ్ మీదే నడిచే నెలలు. పునాది లేకుండా థర్డ్ మేట్‌గా ఎక్కినవాడు మొదటి రాత్రే 8-12లో ఒంటరిగా ఉంటాడు.

కాకినాడ_థర్డ్‌మేట్:
అక్కా ఆ 6 నెలల సంగతి నాకు తెలియదు, నా టెస్టిమోనియల్‌లో కెప్టెన్ గారు బ్రిడ్జి వాచ్ చేశాడనే రాశారు కాబట్టి ఎవరూ అడగలేదు. మొదటి రాత్రి మాత్రం నిజమే, మాస్టర్‌ని మూడుసార్లు పిలిచా.

రిటైర్డ్_కెప్టెన్_భీమిలి:
పిలవడం మంచి పనే నాయనా, పిలవనివాళ్లే భయం.

గంగవరం బాబూ, మేట్‌తో గొడవ పెట్టుకోకుండా ఇలా అడుగు. 4-8 వాచ్ మామూలుగా మేట్‌దే, ఉదయం, సాయంత్రం రెండూ ఆయనతో నిలబడతానను. తెల్లవారుజామున హొరైజన్ కనపడే ఆ కాసేపట్లో సెక్స్‌టెంట్‌తో స్టార్ సైట్ తీయొచ్చు, మిగతా వాచ్‌లలో ఆ వెలుగు దొరకదు. 9 నుంచి 12 దాకా బోసన్‌తో డెక్. మొత్తం 11 గంటలు పని. రాత్రి 8 నుంచి 4 దాకా ఒకే దఫా 8 గంటలు నిద్ర, మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా విశ్రాంతి. రోజుకి 10 గంటల రెస్ట్ అవర్స్ రూల్ ఎక్కడా తప్పదు, కాబట్టి కాదనడానికి ఆయనకి కారణం ఉండదు. ట్రైనింగ్ రికార్డు బుక్ తెరిచి ఖాళీ పేజీలు చూపించి అడుగు, ఉత్త నోటితో అడగకు.

గంగవరం_క్యాడెట్:
సర్, మేడమ్, చాలా థ్యాంక్స్. మొన్న బుక్ తీసుకెళ్లి అడిగా. మేట్ సర్ సాయంత్రం కుదరదు, ఉదయం 4 నుంచి 6 దాకా రా అన్నారు. ఇవాళ కానోపస్, సిరియస్ తీశా, సిరియస్ ఇంటర్‌సెప్ట్ 11 మైళ్లు వచ్చింది, చూస్తే టైమ్ రాసుకోవడంలో ఒక నిమిషం తేడా. రోజుకి ఈ 2 గంటలు వాచ్ కింద లెక్కకొస్తాయా?

విశాఖ_సెకండ్‌ఆఫీసర్:
నా దృష్టిలో పూర్తి 4 గంటల వాచ్, హ్యాండోవర్ తీసుకోవడం, ఇవ్వడం రెండూ ఉంటేనే వాచ్.

రిటైర్డ్_కెప్టెన్_భీమిలి:
నేనైతే 2 గంటలకి టెస్టిమోనియల్‌లో రాసేవాణ్ణి కాదు. కొందరు మాస్టర్లు రాస్తారు. నెల రోజులు ఆ 4-6 మానకుండా నిలబడు, తర్వాత 8 దాకా ఉంటానని మళ్లీ అడుగు.