రీల్ చూసేవాళ్లు చూస్తున్నారు, కామెంట్లన్నీ "రేటెంత?" అనే! క్యాప్షన్, పిన్ కామెంట్ మీరెలా రాస్తున్నారు?

ఎంవీపీ_కుట్టు

మాది ఎంవీపీ కాలనీలో చిన్న బొటిక్. మగ్గం వర్క్ జాకెట్లు ఎక్కువ. ఆషాఢంలో చేతిలో పనుండదు కదా, శ్రావణం ఆర్డర్లు ఇప్పుడే పట్టుకుందామని ఇన్‌స్టాగ్రామ్‌లో 22 సెకన్ల రీల్ పెట్టాం. మా తమ్ముడు బాగానే తీశాడు. మొదట సూది జర్దోసీ తీగని లాగుతుంది, నెమలి మెడ నిండుతుంది, చివర్లో ఒకావిడ అదే జాకెట్ వేసుకుని వెనక్కి తిరుగుతుంది. తొమ్మిది వేల వ్యూలు, అరవై పైన కామెంట్లు. వాటిలో నలభై "ప్రైస్?", "ఎక్కడండీ?" అనే. ఆర్డర్లు మాత్రం రెండే.

క్యాప్షన్లో "అందానికి కొత్త అర్థం ✨ ధర కోసం మెసేజ్ చేయండి" అని రాసి, కింద #fashion #trending #viral #love లాంటివి ఐదు పెట్టాం. తప్పు ఎక్కడుందో చెప్పండి.

ట్యాగ్‌బాబు

ఐదేంటండీ, ఒకప్పుడు ముప్పై నింపేవాళ్లం. క్యాప్షన్లో చూడ్డానికి బాగోదంటే మొదటి కామెంట్లో వేసి దాన్నే పిన్ చేసేయండి. #vizag మాత్రం మర్చిపోవద్దు.

దొండపర్తి_అక్క

బాబూ, ఊరి ట్యాగ్ ఉండాలన్నది నిజమే. మిగతాది పాత లెక్క. మూడు నుంచి ఐదు చాలని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. ట్యాగ్‌ల వల్ల వ్యూలు పెద్దగా పెరగవని దాని అధిపతి ఆడమ్ మొస్సేరీ కూడా చాలాసార్లు అన్నాడు. ఈ రీల్ దేని గురించో తెలియడానికే అవి. #love పెడితే ఏం తెలుస్తుంది? ఇక పిన్ చేసే చోటు కొనడానికి వచ్చినవాళ్లు మొదట చూసే చోటు. అక్కడ ట్యాగ్‌లు పెడితే దుకాణం గుమ్మంలో చీపురు కట్టలు పేర్చినట్టే.

నేను నాలుగు షాపులకి ఈ పనే చేస్తున్నాను. ట్యాగ్ పెట్టే ముందు దాన్ని నొక్కి చూస్తాను. #vizag నొక్కితే బీచ్‌లో సూర్యోదయం, బిర్యానీ, కైలాసగిరి వస్తాయి. #vizagboutique నొక్కితే మీలాంటి షాపులు వస్తాయి. మీ రీల్ ఆ రెండోదాని పక్కన కూర్చోవాలి. #vizagboutique #maggamworkblouse #mvpcolony, ఇంకొకటి మీ ఇష్టం. అక్కడితో ఆపండి.

అసలు పొరపాటు మొదటి లైన్లో ఉంది. రీల్ ఆడుతున్నప్పుడు క్యాప్షన్ నొక్కితే తప్ప ఒక లైను మించి కనబడదు. ఆ లైనంతా "అందానికి కొత్త అర్థం" తినేసింది. అందం వీడియోలో కనబడుతూనే ఉంది కదమ్మా, కనబడనిది రాయండి.

గాజువాక_దర్జీ

మేం పిన్ చేశాం కానీ లాభం లేదు. ప్రొఫైల్లో మూడు రీల్స్ పైన పిన్ చేశాం, అయినా రేటు అడుగుతూనే ఉన్నారు.

దొండపర్తి_అక్క

అన్నా, మీరు చేసింది రీల్‌ని పిన్ చేయడం. ఇక్కడ మాట్లాడుతున్నది రీల్ కింద మన కామెంట్‌ని పిన్ చేయడం గురించి. మీరే ఒక కామెంట్ రాసి దాన్ని వేలితో నొక్కి పట్టుకోండి, పిన్ చేయమనే గుర్తు వస్తుంది. కొన్ని ఫోన్లలో ఎడమకి జరపాలి.

గాజువాక_దర్జీ

ఓహో, అదా. ఆ ముచ్చటా తీరింది మాకు. పోయినేడు "7 రోజుల్లో డెలివరీ" అని కామెంట్ పిన్ చేశాం. శ్రావణం వచ్చేసరికి పని పేరుకుపోయి ఇరవై రోజులు పట్టింది. ఒకావిడ వరలక్ష్మీ వ్రతం ముందురోజు వచ్చి ఫోన్లో ఆ కామెంట్ స్క్రీన్‌షాట్ చూపించింది. కుట్టుకూలి తీసుకోకుండా ఇచ్చి పంపాం. కామెంట్ తీసేద్దామంటే దాని కిందున్న జవాబులన్నీ పోతాయి, అందులో మెచ్చుకున్నవాళ్లవీ ఉన్నాయి. అలాగే వదిలేశాం.

దొండపర్తి_అక్క

అందుకే నేను రెంటినీ విడదీస్తాను. మారేవి, అంటే డెలివరీ తేదీ, ఆఫర్, ఇంకెన్ని ఆర్డర్లు తీసుకుంటారు అనేవి క్యాప్షన్లో పెడతాను. దాన్ని తర్వాత దిద్దుకోవచ్చు. అడ్రస్సు, కొలతలు ఎలా ఇవ్వాలి, ఎలా ఆర్డరివ్వాలి లాంటి మారనివి పిన్ కామెంట్లో పెడతాను. ఒక్క జాగ్రత్త: డబ్బు కట్టి బూస్ట్ చేస్తున్నంతసేపు క్యాప్షన్ మార్చనివ్వదు. ముందే చదువుకుని బూస్ట్ నొక్కండి.

సిరిపురం_శారీస్

రేటు రాస్తే పక్క షాపువాడు వంద తగ్గిస్తాడండీ. మేం రాయం. మెసేజ్ చేసినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి ఒప్పిస్తాం. మాకు ఇదే బాగుంది.

దొండపర్తి_అక్క

మీవి చీరలు, ఒక్కోటి ఒక్క పీసు, మీకు సరిపోవచ్చు. జాకెట్‌కి మాత్రం నేను రాయమంటాను. కానీ "₹1,800 నుంచి" అని రాసి వీడియోలో ఏడు వేల జాకెట్ చూపిస్తే గొడవే. చూసినామె అదే నెమలి పద్దెనిమిది వందలకి వస్తుందనుకుని వస్తుంది. వీడియోలో ఉన్నదాని రేటే ముందు, మిగతావి తర్వాత. కుట్టుకూలి, లైనింగ్ కలిపా కాదా అన్నది కూడా చెప్పాలి. షాపులో సగం వాదనలు లైనింగ్ దగ్గరే.

ఎంవీపీ_కుట్టు

మా నెమలిది కుట్టుతో కలిపి ₹6,500. లైనింగ్ బట్ట కూడా మాదే. ఇలా మార్చాను, చూడండి.

క్యాప్షన్:

```
ఈ నెమలి మగ్గం జాకెట్ ₹6,500 | ఎంవీపీ కాలనీ, వైజాగ్
కుట్టు, లైనింగ్ కలిపే. సాదా వర్క్ ₹1,800 నుంచి.
ఈ వారం ఇస్తే 15 రోజుల్లో చేతికి.
Maggam work blouse, MVP Colony, Vizag
#vizagboutique #maggamworkblouse #mvpcolony
```

పిన్ కామెంట్:

```
ఎలా ఆర్డరివ్వాలి? సరిపోయే పాత జాకెట్ ఒకటి,
చీర ఫోటో తెచ్చుకోండి. ఊరు బయటివాళ్లు జాకెట్
కొరియర్ చేయొచ్చు. వాట్సాప్ లింక్ బయోలో ఉంది.
ఆదివారం సెలవు.
```

దొండపర్తి_అక్క

బాగుంది. ఇంగ్లిష్ అక్షరాల లైను ఉంచండి, వెతికేవాళ్లు "blouse vizag" అనే కొడతారు, తెలుగులో కొట్టేవాళ్లు తక్కువ. లింక్ బయోలో పెట్టడమూ మంచిదే. కామెంట్లో పెడితే నొక్కినా తెరుచుకోదు, చాలామంది ఆ సంగతి తెలియక నంబరు కూడా అక్కడే రాసి ఊరుకుంటారు.

నేవీ_క్వార్టర్స్

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా పక్కింటివాళ్లు పంజాబీలు, ఎదురింటివాళ్లు ఒడియావాళ్లు. ఇద్దరూ మగ్గం జాకెట్లు ఇక్కడే కుట్టించుకుంటారు. తెలుగు పిన్ కామెంట్ వాళ్లకెలా అర్థమవుతుంది?

ట్యాగ్‌బాబు

ఇంగ్లిష్‌లో ఇంకోటి రాసి అది కూడా పిన్ చేయండి, మూడు దాకా పిన్ చేయొచ్చు.

ఎంవీపీ_కుట్టు (మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. పాత రీల్‌నే ఉంచి క్యాప్షన్ మార్చాను. వ్యూలు పెద్దగా పెరగలేదు. కామెంట్లు తగ్గాయి. "ప్రైస్?" అని వారానికి రెండో మూడో వస్తున్నాయి, అంటే ఇంకా చదవనివాళ్లు ఉన్నారు. వాట్సాప్‌కి వచ్చేవాళ్లు మాత్రం నేరుగా "నెమలిది కావాలి, శుక్రవారం రానా?" అంటున్నారు. పదకొండు ఆర్డర్లయ్యాయి. ఇంగ్లిష్ కామెంట్ కూడా పిన్ చేశాను.

సిరిపురం_శారీస్

శ్రావణం కదండీ, రేటు రాయకపోయినా వచ్చేవి.

ఎంవీపీ_కుట్టు

అదీ నిజమే కావొచ్చు. భాద్రపదంలో ఇలాగే ఇంకో రీల్ పెట్టి చూస్తాను. ఈలోగా 15 రోజులన్నది 20 చేశాను. గాజువాక అన్నా, మీ స్క్రీన్‌షాట్ కథ గుర్తుండే మార్చాను.