నిద్ర డైరీలో పని దినాలకు, సెలవులకు ఇంత తేడా వస్తే ఎలా అర్థం చేసుకోవాలి?

పడుకున్నాక చాలాసేపు నిద్ర పట్టకపోవడంతో సాయంత్రం టీ మానేశాను, ఫోన్ పక్కగదిలో పెట్టాను, పెందలాడే పడుకుని చూశాను, ఏదీ ఫలించలేదు. వైద్యుల సలహాపై రెండు వారాల పాటు నిద్ర డైరీ రాశాను. రాత్రి గడియారం చూడకుండా, ఉదయం లేవగానే, పడుకున్న వేళ, నిద్ర పట్టడానికి పట్టిన సమయం, మధ్యలో మెలకువగా ఉన్న నిమిషాలు, మంచం దిగిన వేళ అంచనాగా నమోదు చేశాను. పగటి కునుకు, గురక లేవు.

పని దినాల్లో రాత్రి 10:30కు పడుకుంటే 12:15 ప్రాంతంలో గానీ నిద్ర పట్టడం లేదు. 3:30కు మెలకువ వచ్చి 40 నిమిషాలు అలాగే ఉంటున్నాను. 6:00కు అలారం మోగితే లేస్తున్నాను. అంటే మంచం మీద గడిపిన 450 నిమిషాల్లో నిద్ర 305, సుమారు 68 శాతం. శని, ఆదివారాల్లో 12:30కు పడుకుంటే 20 నిమిషాల్లోనే నిద్ర పట్టి, మధ్యలో మెలకువ లేకుండా, అలారం అవసరం లేకుండా 8:30కు లేస్తున్నాను. అది దాదాపు 96 శాతం. అన్ని రోజులనూ కలిపి లెక్కిస్తే 76 శాతం వస్తోంది గానీ, అసలు తేడా అందులో మరుగున పడిపోతోంది.

శరీర గడియారమే ఆలస్యంగా నడుస్తోందని అనిపిస్తోంది. అయితే 3:30 మెలకువ ఆ వివరణకు పొసగడం లేదు. పైగా సెలవుల నాటి గాఢనిద్ర వారమంతా పేరుకున్న నిద్ర బాకీ వల్ల కూడా కావచ్చు.

ఈ రెండింటిలో ఏది కారణమో తేల్చుకోవడానికి, రాబోయే రెండు వారాలు సెలవుల్లో కూడా 6:00కే లేస్తూ, పడుకునే వేళను 12:00కు జరిపి డైరీ రాయడం సరైన పద్ధతేనా?