కవరు మీద కలెక్టర్ పేరు రాయాలా, హోదా చాలా?

పొలంగట్టు: మా పొలం సర్వే తప్పు మీద కలెక్టర్‌కు స్పీడ్ పోస్టులో అర్జీ పంపాలి. కవరు మీద "శ్రీ ఫలానా గారు, ఐఏఎస్" అని రాయాలా, "జిల్లా కలెక్టర్" అంటే చాలా?

పాతఫైలు: కలెక్టరేట్‌లో టపా సెక్షన్ చూసి రిటైరయ్యాను. "జిల్లా కలెక్టర్", కింద జిల్లా పేరు, అంతే రాయండి. అలా వచ్చిన కవరును మేమే విప్పి, తేదీ ముద్ర కొట్టి, నంబరేసి, సంబంధిత సెక్షన్‌కు పంపేవాళ్ళం. పేరుంటే సొంత ఉత్తరమేమోనని విప్పేవాళ్ళం కాదు. ఈలోగా ఆయనకు బదిలీ అయితే కవరు ఆయన వెనకే వెళ్ళేది. పొలం ఇక్కడ, అర్జీ ఇంకో జిల్లాలో! ఐఏఎస్ అన్నది సర్వీసు, పదవి కాదు. అది చూసి కవరు ఏ కుర్చీకి ఇవ్వాలో ఎవరికీ తెలియదు.

సూటిమాట: ఒప్పుకోను. పేరు లేకపోతే బాధ్యత ఎవరిది? అధికారులు డి.ఓ. లెటర్లు పేరు పెట్టే రాసుకుంటారు కదా.

పాతఫైలు: డి.ఓ. లెటర్ ఒక అధికారి ఇంకో అధికారికి, మీరే స్వయంగా చూడండని రాసేది. అర్జీ అలాంటిది కాదు. ఆర్టీఐ దరఖాస్తు చూడండి, అది ప్రజా సమాచార అధికారికి వెళ్తుంది. మధ్యలో మనిషి మారినా 30 రోజుల గడువు ఆగదు.

డాక్టరమ్మ: మా అపార్ట్‌మెంట్ నోటీసుల్లో మావారు "డాక్టర్", నేను "శ్రీమతి". ఇద్దరం చదివింది ఒకటే. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

గోదారిగాలి: పద్మశ్రీ వచ్చినవాళ్ళు పేరుకు ముందు పెట్టుకోవట్లేదా, మీరూ పెట్టేసుకోండి 😄

పాతఫైలు: పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చదువుతో వచ్చిన డాక్టర్ అలా కాదు, రాజ్యాంగం 18వ అధికరణమే దాన్ని మినహాయించింది. అమ్మా, మీ కోపం న్యాయమే.

సూటిమాట: సర్లెండి, రూల్స్ బాగానే చెప్తున్నారు. మా నాన్న జీవితాంతం "మ.రా.రా.శ్రీ కలెక్టరు దొరవారి దివ్యసముఖమునకు" అని రాశాడు. ఒక్క కాగితం కదల్లేదు. కుర్చీకి దండాలు పెట్టడం ఇంకానా? ఆయనకూ ఓ పేరుంది, మనకూ ఉంది. పేరు పెట్టి రాస్తే తప్పేంటి?

పాతఫైలు: దండం పెట్టమని నేనెక్కడన్నాను? శ్రీ, గారు రెండూ తీసేసి ఉత్త హోదా రాసినా అర్జీ చెల్లుతుంది. పైగా కొత్తగా వచ్చింది ఆడమనిషైతే మీ "శ్రీ" ఏమవుతుంది? లోపల "ఆర్యా" అని మొదలుపెడితే గొడవే లేదు.

సూటిమాట: "ఆర్యా" కూడా దండమే.

పొలంగట్టు: కవరు మీద హోదాయే రాశాను. లోపల "విషయం" దగ్గర సర్వే నంబరు పెట్టాను. పోస్టాఫీసు రసీదు ఎన్నాళ్ళు దాచుకోవాలి?