ఎర్ర పట్టుచీర ఆల్బమ్‌లో ఇటుక రంగు: తప్పు మానిటర్‌దా, ల్యాబ్‌దా?

కొత్తఫ్రేమ్: మానిటర్‌కి క్యాలిబ్రేటర్ పెట్టి ప్రొఫైల్ చేశాను. అయినా ఆల్బమ్ షీట్లు నల్లబడి వస్తున్నాయి, ఎర్ర పట్టుచీర ఇటుక రంగులోకి పోతోంది. ల్యాబ్ వాళ్లు ఫైల్‌దే తప్పంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

చీకటిగది: క్యాలిబ్రేషన్‌లో బ్రైట్‌నెస్ టార్గెట్ ఎంత పెట్టారండీ? దాన్ని వదిలేస్తే రంగులు సరిపోతాయి గానీ స్క్రీన్ మాత్రం వెలిగిపోతూనే ఉంటుంది. వెలిగే స్క్రీన్ మీద ఫొటో బాగుందనిపించి మీరు ఎక్స్‌పోజర్ పెంచరు, ప్రింట్ నల్లబడుతుంది. ఎడిటింగ్‌కి చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాలు చాలు. ఆల్బమ్ చూసే లైటు కింద, మానిటర్ పక్కన ఖాళీ ఫొటో పేపర్ పెట్టండి. స్క్రీన్ మీద తెల్ల పేజీ తెరిచి, రెండూ ఒకేలా కనపడేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఆ అంకెకే మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. నలుపు సమస్య దీంతో చాలావరకు పోతుంది. ఎరుపు సంగతి వేరు.

డి50: అసలు మానిటర్ తెలుపుకి 6500 కెల్విన్ పెట్టడమే తప్పు. ప్రింటింగ్ ప్రమాణం 5000. అందరూ అదే మార్చుకోవాలి.

చీకటిగది: 5000 అనేది ప్రింట్ చూసే లైటుకి పెట్టిన ప్రమాణం. అలాంటి లైటు ఉన్నచోట మీ మాట నిజమే. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 6500 తెల్ల ట్యూబ్‌లైటు. దాని కింద పేపర్ నీలంగా, 5000కి పెట్టిన స్క్రీన్ పసుపుగా కనిపిస్తాయి.

డి50: ప్రమాణం ఇళ్లను బట్టి మారదు.

గోదారిగట్టు: నాకు ఇంటి ప్రింటర్‌లో మొహాలన్నీ వంగపండు రంగులో వస్తున్నాయి. నేనూ 5000 పెట్టాలా?

చీకటిగది: వద్దు. మీ దగ్గర కలర్ మార్పిడి రెండుసార్లు జరుగుతున్నట్టుంది. ఫొటోషాప్‌లో `Photoshop Manages Colors` ఎంచుకుంటే ప్రింటర్ డ్రైవర్‌లో రంగుల సర్దుబాటు ఆపేయాలి.

కొత్తఫ్రేమ్: మరి చీర?

చీకటిగది: మీ పేపర్‌కీ మెషీన్‌కీ సరిపోయే ఐసీసీ ప్రొఫైల్ ల్యాబ్‌ని అడిగి తీసుకోండి, దాంతో ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూడొచ్చు. `View > Proof Setup > Custom`లో దాన్ని ఎంచుకుని `Relative Colorimetric`, `Black Point Compensation` పెట్టండి, `Preserve Numbers` తీసేయండి. `Simulate Paper Color` నొక్కగానే ఫొటో ఒక్కసారిగా పాలిపోతుంది. అది చూసి కంగారుపడి కాంట్రాస్ట్ పెంచొద్దు. నొక్కేటప్పుడు చూపు పక్కకి తిప్పి, చుట్టూ తెల్ల కిటికీలేవీ లేకుండా ఫుల్ స్క్రీన్‌లో ఒక నిమిషం చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

ఇప్పుడు `Gamut Warning` వేస్తే చీర సగం బూడిదరంగులోకి మారొచ్చు. స్క్రీన్ చూపించే ఆ ఎరుపు పేపర్ మీద పుట్టదు. అంచు దాటిన ఎరుపులన్నీ ఒకే ఎరుపుగా అతుక్కుపోయి మడతలు, జరీ గీతలు చెరిగిపోతాయి. చీరకి మాత్రమే మాస్క్ వేసి ఎరుపుల శాచురేషన్ 10 తగ్గించి చూడండి, చాలకపోతే 15. బూడిదరంగు మొత్తం పోయేదాకా తగ్గిస్తే చీర చచ్చిపోతుంది. మడతలు విడిగా కనపడగానే ఆపేయండి.

మ్యాట్‌షీట్: ఇంత శ్రమ దేనికి? ఆపరేటర్ ఒక్క పాయింట్ డెన్సిటీ తగ్గిస్తే షీటు తేటగా వస్తుంది. ల్యాబ్‌లో రోజూ చేసే పనే.

చీకటిగది: అదే కొంప ముంచేది! ఆపరేటర్ కంటితో దిద్దితే నేను ప్రూఫ్‌లో చూసిందానికి విలువేముంది? ప్రొఫైల్ చెప్పేది దిద్దని మెషీన్ గురించి.

మ్యాట్‌షీట్: దిద్దకపోతే నల్లటి షీట్లు చూసి తిట్టేది మమ్మల్నే కదా సార్. క్యాలిబ్రేటర్ ఉన్నవాళ్లు ఎంతమంది? ల్యాప్‌టాప్ మీద చేసిన ఫైళ్లే మాకొచ్చేది. వాటిని దిద్దకుండా వదిలేయమంటారా?

చీకటిగది: వాటిని దిద్దండి, కాదనను. నా ఫైల్‌ని ముట్టుకోకండి అంటున్నాను. ఫైల్ బాధ్యత నాదా మీదా అన్నది ఆర్డర్‌లోనే తేలాలి.

కలంకారీ: దిద్దుబాటు వద్దని రాసి, అదే ఫైల్ వారం తేడాతో రెండుసార్లు పంపండి. అంచున నలుపు నుంచి తెలుపు దాకా బూడిద మెట్ల పట్టీ పెట్టండి. రెండు పట్టీలు కలవకపోతే మెషీనే నిలకడగా లేదు, ఏ ప్రొఫైలూ కాపాడదు. షీటు మీది చీరను పగటి వెలుగులో కూడా చూడండి. చవక ఎల్‌ఈడీ కింద ఎరుపు ఎలాగూ మట్టిగానే కనిపిస్తుంది.

కొత్తఫ్రేమ్: బ్రైట్‌నెస్ టార్గెట్ వదిలేశాను, ఇప్పుడు 100కి దించాను. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే, వద్దని రాయకపోతే దిద్దుబాటు దానంతటదే పడుతుందన్నారు. పట్టీతో మొదటి షీటు ఇవాళ పంపుతున్నాను.

డి50: 5000 కూడా పెట్టి పంపండి.