‘నష్టో మోహః’: ఆ ‘ప్ర’ ఎక్కడికి పోయింది?

శారద: రెండు రోజులుగా ఒకటే గొడవ బుర్రలో. గీత చివర అర్జునుడి మాట నా నోటికి ‘ప్రనష్టో మోహః’ అని వస్తోంది. తీరా చూస్తే ‘నష్టో మోహః స్మృతిర్లబ్ధా’. ‘ప్ర’ ఉన్నది కృష్ణుడి ప్రశ్నలో, ‘ప్రనష్టస్తే ధనంజయ’ అని. ఆయన బొత్తిగా పోయిందా అని అడిగితే ఈయన పోయింది అని ఊరుకున్నాడేం?

మూర్తి: ఛందస్సమ్మా. పాదానికి ఎనిమిది అక్షరాలు. ‘ప్ర’ పెడితే తొమ్మిది.

రాఘవ: ముందు అది ‘ప్రణష్ట’ కదా? రెండో అధ్యాయంలో ‘బుద్ధినాశాత్ ప్రణశ్యతి’ అని ణకారమే.

మూర్తి: అక్కడ ణ, ఇక్కడ న. నశ్ చివర ష వచ్చినచోట ణత్వం రాదని పాణిని దానికోసమే ఒక సూత్రం చేశాడు. ‘ప్రణష్ట’ అని అచ్చేసిన పుస్తకాలు బోలెడు, మీ తప్పు కాదు.

సుజాత: నాకు గీత చాలా పనికొచ్చిందండీ. ఉద్యోగం మానాలా వద్దా అని టెన్షన్‌లో ఉన్నప్పుడు ‘యథేచ్ఛసి తథా కురు’ చదివి మానేశాను.

రాఘవ: దానికి ముందు ‘విమృశ్య’, బాగా ఆలోచించి, అని కూడా ఉందండీ!

శారద: ఛందస్సే అయితే కవి ఇంకోలా కూర్చలేడా?

లక్ష్మీపతి: అర్జునుడు పదకొండో అధ్యాయం మొదట్లోనే ‘మోహోఽయం విగతో మమ’ అనేశాడు. అయినా చివర మళ్ళీ అడిగాడంటే కృష్ణుడు ఆ మాట నమ్మలేదనే నా అనుమానం. నన్నడిగితే అసలు మాట ‘స్థితోఽస్మి’. గాండీవం జారినప్పుడు ఇతనే ‘న చ శక్నోమ్యవస్థాతుం’ అన్నాడు, నిలబడలేకపోతున్నానని. అదే స్థా ధాతువు. ఇప్పుడు నిలబడ్డానంటున్నాడు. ఇంకోటి చూడండి. రెండో అధ్యాయంలో ‘న యోత్స్యే’ అని చతికిలబడ్డవాడు చివర ‘యోత్స్యే’ అనలేదు, ‘కరిష్యే వచనం తవ’ అన్నాడు. యుద్ధం చేస్తానని కాదు, నువ్వు చెప్పినట్టు చేస్తానని. తాతని, గురువుని ఎలా చంపను అన్న ప్రశ్నకి నేరుగా జవాబు దొరికిందని నేననుకోను. చేసేది నేను, ఫలం నాది అన్న పట్టు సడలాక ఆ ప్రశ్న అతన్ని కట్టిపడెయ్యలేకపోయింది.

మూర్తి: బాగుంది. కానీ నశ్ అంటే ధాతుపాఠంలో ‘అదర్శనే’. కనబడకపోవడం, అంతే. కనబడనిది మళ్ళీ కనబడొచ్చు. అశ్వమేధపర్వంలో ఈ అర్జునుడే, యుద్ధం ముందు నువ్వు చెప్పిందంతా ‘నష్టం’ అంటాడు, మరిచిపోయానని. కృష్ణుడు చిరాకుపడి, అదంతా మళ్ళీ అలాగే చెప్పడం నావల్ల కాదంటాడు.

లక్ష్మీపతి: మరి జ్ఞాపకం తిరిగొచ్చిందన్న ‘స్మృతిర్లబ్ధా’ ఏమైనట్టు?

మూర్తి: అదే నేనూ అడిగేది.

రాఘవ: అందుకే మా తిక్కన నయం. గీతంతా కొద్ది పద్యాల్లో దాటించేశాడు. రెండు సైన్యాలూ కాచుకుని ఉంటే సారథి చేత ఎంతసేపని మాట్లాడిస్తాడు?

లక్ష్మీపతి: నయమా? విశ్వరూపం అంత పొదుపుగా చెబుతారా ఎవరైనా!

శారద: ఇంతకీ నా ‘ప్ర’?

మూర్తి: ఎనిమిదే అక్షరాలమ్మా.