హంగ్ అసెంబ్లీ అంటే మళ్ళీ ఎన్నికలేనా? (బెంగళూరు తెలుగువాళ్ళ భాషా చర్చ)

సుజాత, మహదేవపుర: ఎగ్జిట్ పోల్స్ వచ్చినప్పుడల్లా టీవీలో "హంగ్ తప్పదు" అంటారు. తెలుగు పేపర్లో "త్రిశంకు సభ" అని రాస్తారు. మా పక్కింటి కన్నడ ఆవిడేమో "అతంత్ర" అంటుంది. మూడూ ఒకటేనా? హంగ్ అయితే సభ రద్దయి మళ్ళీ ఓటేయాల్సి వస్తుందని మా అత్తగారు గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?

లలితమ్మ: మూడూ ఒకటేనమ్మా. ఏ పార్టీకీ, ముందే కట్టుకున్న కూటమికీ సగం సీట్లు దాటకపోతే దాన్ని త్రిశంకు సభ అంటారు. విశ్వామిత్రుడు త్రిశంకును బొందితో స్వర్గానికి పంపితే ఇంద్రుడు కిందికి తోసేశాడు, ఆయన మధ్యలోనే నిలిచిపోయాడు. అయితే పత్రికలవాళ్ళు పెట్టిన ఈ మాట నాకు పూర్తిగా నచ్చదు. త్రిశంకు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. అసెంబ్లీ అలా ఉండిపోదు, ఎటో ఒకటి తేలుతుంది.

రామ్మోహన్: మీ అత్తగారి మాట తప్పు సుజాత గారూ. ఎవరికీ మెజారిటీ రాకపోతే ఎక్కువ సీట్లొచ్చిన పార్టీని గవర్నర్ పిలిచి తీరాలి. రాజ్యాంగంలోనే ఉంది. 2018లో ఇక్కడ బీజేపీ నేత యడియూరప్పను పిలిచింది అందుకే కదా.

పద్మజ: రామ్మోహన్ గారూ, పిలిచారన్నది నిజం. పిలిచి తీరాలన్నది నిజం కాదు. రాజ్యాంగం 164వ అధికరణ ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారని, మంత్రివర్గం శాసనసభకు బాధ్యత వహిస్తుందని మాత్రమే చెబుతుంది. ముందు ఎవరిని పిలవాలో అందులో లేదు. ఆ వరుసను కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ సూచించింది. మొదట ఎన్నికల ముందు కట్టిన కూటమి, తర్వాత ఇతరుల మద్దతు చూపిస్తూ ముందుకొచ్చిన అతిపెద్ద పార్టీ, ఆ తర్వాత ఫలితాలొచ్చాక కలిసిన పార్టీలు. పెద్ద పార్టీ అయితే చాలదు, ఎవరి మద్దతుతో సగం దాటుతారో కూడా చెప్పాలని దాని ఉద్దేశం. 2017లో గోవాలో 40 సీట్లకు కాంగ్రెస్‌కు 17, బీజేపీకి 13 వచ్చాయి. ప్రమాణం చేసింది బీజేపీకి చెందిన పారికర్. ఆయన ఇతరుల మద్దతు లేఖలు తెచ్చారు, సభలో బలం కూడా నిరూపించుకున్నారు.

వెంకటరెడ్డి, హిందూపురం: మనకూ 1984లో హంగ్ వచ్చింది కదమ్మా. రామారావు గారి ఎమ్మెల్యేలు ఇటు కర్ణాటకకే వచ్చి క్యాంపు వేశారు. అప్పుడు హెగ్డే గారు ఇక్కడ ముఖ్యమంత్రి. మా నాన్న ఆ వార్తలు గట్టిగా చదివి వినిపించేవాడు.

పద్మజ: క్యాంపు సంగతి నిజమే బాబాయ్, కానీ అది హంగ్ కాదు. 1983 ఎన్నికల్లో తెలుగుదేశం 200 సీట్లు దాటి గెలిచింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు చీలిపోతే, రామారావును సభలో బలం చూపించుకోనివ్వకుండానే గవర్నర్ తొలగించారు. నెల తిరిగేసరికి మళ్ళీ ఆయనే ముఖ్యమంత్రి. హంగ్ అన్నది ప్రజలు ఓటేసిన నాటి లెక్క. మధ్యలో పార్టీ చీలడం వేరే సంగతి. రెండింటికీ మందు మాత్రం ఒకటే, సభలో బలపరీక్ష. ఆ సూత్రాన్ని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1994లో, బొమ్మై కేసులో. ఆ బొమ్మై కూడా ఈ కర్ణాటక ముఖ్యమంత్రిగా పనిచేసినవారే.

సుజాత: అయితే ఫలితాలొచ్చిన రోజు నుంచి ఏమేం జరుగుతుందో 2018నే తీసుకుని చెప్పరా అక్కా? ఆ వారమంతా టీవీ ముందే కూర్చున్నాను గానీ సగం అర్థం కాలేదు.

పద్మజ: చెబుతాను. నేనప్పుడు విధానసౌధ వార్తలు చూసేదాన్ని. మే 12న పోలింగ్ జరిగింది 222 సీట్లకే. జయనగర, రాజరాజేశ్వరినగర వాయిదా పడ్డాయి. 15న లెక్కిస్తే బీజేపీకి 104, కాంగ్రెస్‌కు 78, జేడీఎస్‌కు 37. మిగిలిన మూడింట్లో బీఎస్పీ ఒకటి, అది జేడీఎస్ జతలోది. సగం దాటాలంటే 112 కావాలి. సిద్ధరామయ్య ఆ రోజే రాజీనామా ఇచ్చారు. కొత్తవాళ్ళు వచ్చేదాకా ఆయన ఆపద్ధర్మ ముఖ్యమంత్రి. సాయంత్రానికే కాంగ్రెస్ జేడీఎస్ నేత కుమారస్వామికి మద్దతు ప్రకటించింది. అంటే గవర్నర్ బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి 104 మంది ఉన్న పార్టీది, ఇంకొకటి ఎన్నికల్లో పరస్పరం పోటీ చేసి ఫలితాల తర్వాత చేతులు కలిపిన 115 మందిది.

గవర్నర్ వజుభాయ్ వాలా 16న యడియూరప్పను పిలిచి, బలం నిరూపించుకోవడానికి 15 రోజులు ఇచ్చారు. ఆ రాత్రే కాంగ్రెస్, జేడీఎస్ సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. తెల్లవారుజాము దాకా వాదనలు నడిచాయి. ప్రమాణాన్ని కోర్టు ఆపలేదు. 17 ఉదయం ఆయన ప్రమాణం చేశారు. కానీ 18న అదే కోర్టు 15 రోజులను ఒక్క రోజుకు కుదించింది. 19 సాయంత్రం 4 గంటలకు బలపరీక్ష జరగాలి, రహస్య ఓటింగ్ ఉండకూడదు, ఈలోగా ఆంగ్లో ఇండియన్ సభ్యుణ్ణి నామినేట్ చేయకూడదు అంది. అసలు కీలకం ఈ గడువులోనే ఉందని నేను అనుకుంటాను. ఎవరిని ముందు పిలిచారన్న దాని మీదే అందరూ గొడవపడ్డారు. నా కళ్ళకు మాత్రం ఎన్ని రోజులిచ్చారన్నదే పెద్దది. ఆ రోజుల్లోనే కదా ఎమ్మెల్యేల బేరాలు నడిచేది.

వెంకటరెడ్డి: కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలను బస్సుల్లో హైదరాబాద్ తీసుకుపోయారు, అది బాగా గుర్తుంది. అప్పుడు వాళ్ళు ఇటొచ్చారు, ఇప్పుడు వీళ్ళు అటు పోయారు అనుకున్నాం మా ఊళ్ళో.

పద్మజ: అవును బాబాయ్, బిడది దగ్గర రిసార్టు నుంచి రాత్రికి రాత్రే. 19న ప్రొటెం స్పీకర్, అంటే తాత్కాలిక స్పీకర్, బోపయ్య గెలిచినవాళ్ళతో ప్రమాణాలు చేయించారు. యడియూరప్ప మాట్లాడి, ఓటింగ్ దాకా రానివ్వకుండానే రాజీనామా ప్రకటించారు. ముఖ్యమంత్రిగా మూడు రోజులు కూడా నిండలేదు. 23న కుమారస్వామి ప్రమాణం చేసి, 25న విశ్వాసం పొందారు.

కిరణ్: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఇదే పరిస్థితి! ప్రెసిడెంట్ పదవికి ముగ్గురు నిలబడితే ఎవరికీ సగం ఓట్లు రాలేదు. హంగ్ అని ప్రకటించి మళ్ళీ ఎన్నిక పెట్టమంటున్నాను. ఎవరూ వినడం లేదు.

పద్మజ: అది హంగ్ కాదు కిరణ్. మీరు ఒక మనిషిని ఎన్నుకున్నారు. మీ నియమావళిలో సగం దాటాలని లేకపోతే ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళే ప్రెసిడెంట్. ఎమ్మెల్యే కూడా అలాగే గెలుస్తాడు, మూడో వంతు ఓట్లతో కూడా. హంగ్ అనేది గెలిచిన సభ్యులందరినీ కలిపి లెక్కపెట్టినప్పుడే. మీ నియమావళి ఒకసారి తీసి చూడండి.

రామ్మోహన్: సరే, 112 అన్నారు కదా. మరి 2019లో కుమారస్వామి బలపరీక్షలో 99కి 105తో ఓడిపోయారు. 105 కూడా 112 కన్నా తక్కువే. అప్పుడు ప్రభుత్వం ఎలా పడింది? నాకు ఎప్పటికీ అంతుపట్టనిది ఇదే.

పద్మజ: చాలా మంచి ప్రశ్న అండీ. పేపర్లో మ్యాజిక్ ఫిగర్ అని రాసేది మొత్తం సీట్లలో సగం దాటే సంఖ్య. సభలో చూసేది ఆ రోజు హాజరై ఓటేసినవాళ్ళలో సగం. 2019 జులై 23న ఓటేసింది 204 మంది. అందులో సగం 102, కాబట్టి 103 ఉంటే చాలు. రాజీనామా లేఖలిచ్చిన ఎమ్మెల్యేలు, ఇంకొందరు కలిపి ఇరవై మంది దాకా సభకే రాలేదు. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, విప్ ఉండగా ఓటెయ్యకపోయినా ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోతుంది. అందుకని ముందే రాజీనామా ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. తమ వైపు సంఖ్య పెంచకుండా అవతలి సంఖ్యనూ, దాటాల్సిన గీతనూ కలిపి కిందికి దించడం ఈ పద్ధతి. బలపరీక్ష వార్త చదివేటప్పుడు "ఎంతమంది ఎవరి వైపు" అన్న లెక్కతో పాటు "ఎంతమంది రాలేదు" అన్నదీ చూడండి. అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

లలితమ్మ: ఆ తప్పుకున్నవాళ్ళకు ఏమైందమ్మా?

పద్మజ: స్పీకర్ రమేశ్ కుమార్ 17 మందిని అనర్హులుగా ప్రకటించారు. నవంబరులో సుప్రీంకోర్టు ఆ అనర్హతను నిలబెట్టింది గానీ, ఉప ఎన్నికల్లో పోటీ చేయనిచ్చింది. డిసెంబరులో 15 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే 12 బీజేపీ గెలిచింది. 2018లో జనం ఇచ్చిన ఫలితం తేలడానికి ఇంచుమించు ఏడాదిన్నర పట్టిందని నేనంటాను.

సుజాత: మరి మళ్ళీ ఎన్నికలు అసలు రానే రావా? మా అత్తగారు ఏదో గుర్తుపెట్టుకునే అని ఉంటారు.

పద్మజ: వస్తాయి, అది ఆఖరి దారి. బిహార్ 2005 గుర్తుండి ఉంటుంది ఆవిడకు. ఫిబ్రవరిలో ఎవరికీ బలం రాలేదు. రాష్ట్రపతి పాలన పెట్టి, సభను రద్దు చేయకుండా, పని చేయనివ్వకుండా కొన్నాళ్ళు సుప్తచేతనావస్థలో ఉంచారు. గెలిచినవాళ్ళు ఒక్కరోజు కూడా సభలో కూర్చోకముందే మే నెలలో రద్దు చేశారు. ఫిరాయింపులతో ప్రభుత్వం వచ్చేలా ఉందని గవర్నర్ బూటాసింగ్ నివేదిక ఇచ్చారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే మళ్ళీ ఎన్నికలకు అంతా సిద్ధమైపోవడంతో పాత సభను మాత్రం బతికించలేదు. అక్టోబరు, నవంబరుల్లో జనం మళ్ళీ ఓటేశారు. కాబట్టి మీ అత్తగారి మాట పూర్తిగా తప్పు కాదు. హంగ్ అనగానే ఎన్నికలు రావు, ఎవరివల్లా ప్రభుత్వం నిలబడదని తేలితేనే వస్తాయి.

రామ్మోహన్: వరుస రాజ్యాంగంలో లేదని ఒప్పుకుంటున్నాను. అయినా నాకు పెద్ద పార్టీనే ముందు పిలవడం న్యాయమనిపిస్తుంది. నిన్నటి దాకా తిట్టుకున్నవాళ్ళు ఫలితాలొచ్చిన సాయంత్రమే కలిసి రాసిన లేఖకు అంత విలువ ఎందుకు?

పద్మజ: నాకు అలా అనిపించదు. 115 మంది ఉన్న జట్టు ఎదురుగా ఉండగా 104 మందిని పిలిస్తే, తక్కువ పడ్డ ఎనిమిది మందిని ఎక్కడి నుంచి తెచ్చుకోమని చెప్పినట్టు? అప్పుడే అడగాల్సిన ప్రశ్న అది.

రామ్మోహన్: ఆ జట్టులోవాళ్ళే తర్వాత చాలామంది పక్కకు జరిగారు కదండీ. లేఖ నిజమని 2018 మేలో గవర్నర్ ఎలా నమ్మాలి?

పద్మజ: నమ్మక్కర్లేదు, వెంటనే సభను పిలిస్తే సరి. కానీ ముందు ఎవరికి పిలుపు వెళ్ళాలన్న దగ్గర మీరూ నేనూ ఒకచోటికి రాలేం.

లలితమ్మ: పదం సంగతి కూడా మిగిలిపోయింది. త్రిశంకు వద్దంటే ఏమనాలి? కన్నడవాళ్ళ అతంత్ర నాకు బాగానే ఉంది గానీ మనవాళ్ళకు అర్థం కాదు.

వెంకటరెడ్డి: మా ఊళ్ళో అందరూ హంగ్ అనే అంటారు అక్కా. అర్థమవుతోంది కదా, ఉండనీండి.

సుజాత: అత్తగారికి బిహార్ సంగతి చదివి వినిపించాను. "చూశావా, నేను చెప్పలేదూ" అన్నారు. 2019లో రానివాళ్ళ లెక్క దగ్గర మాత్రం ఆగి, "రాకపోవడం కూడా ఓటేనా?" అని అడుగుతున్నారు. పద్మజక్కా, దీనికి ఏం చెప్పమంటారు?

పద్మజ: ఓటు కాదని చెప్పండి, కానీ లెక్కలో పడుతుంది. ఉన్న ఓట్లన్నీ ఒకవైపే తగ్గితే అవతలివాళ్ళు కొత్తగా ఒక్కరినీ తెచ్చుకోకుండానే గెలుస్తారు. 2019లో బీజేపీకి వచ్చిన 105లో 104 మంది 2018లో గెలిచినవాళ్ళ లెక్కే.